బీచ్‌లో చెత్త ఏరడమా, ఇసుక జల్లించడమా, గెడ్డకు అడ్డు కట్టడమా: మైక్రోప్లాస్టిక్‌ విషయంలో ఏది మేలు?

విశాఖ లాంటి ఊళ్లో ఆదివారం పొద్దున ఇరవైమంది బీచ్ శుభ్రం చేయడానికి కలిశారు. చేతిలో రెండు గంటలుంది. ఆ శ్రమను ఎక్కడ పెడితే సముద్రంలో చేరే మైక్రోప్లాస్టిక్ నిజంగా తగ్గుతుంది? దారులు నాలుగు: పెద్ద చెత్తను చేత్తో ఏరడం, ఇసుకను జల్లించడం, ట్రాక్టర్‌కు తగిలించిన యంత్రంతో బీచంతా దువ్వడం, ఊరి నీళ్లను సముద్రంలోకి తెచ్చే వాగు, అంటే గెడ్డ దగ్గరే చెత్తను ఆపడం.

ముందు పరిమాణాల సంగతి చూడాలి. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటున్నాం. ఆహార గొలుసులోకి ప్రధాన ద్వారం మాత్రం ఇంకా చాలా చిన్నది. నీటిలో తేలే సూక్ష్మ జంతువులు, అంటే కోపిపాడ్‌ల వంటివి, మిల్లీమీటరులో పదో వంతు కన్నా చిన్న రేణువులను నాచు కణాలతో పాటే మింగేస్తాయి. వాటిని నెత్తళ్లు, కవ్వలు తింటాయి. ఆల్చిప్పలు నేరుగా నీటినే వడగట్టుకుని రేణువులను లోపలికి తీసుకుంటాయి. మింగిన దానిలో చాలా భాగం విసర్జనలో బయటికి పోతుంది. అందుకే పాదరసంలా ఇది పెద్ద చేపల కండలో మెట్టు మెట్టుకూ పేరుకుంటుందని రుజువు కాలేదు. ఎక్కువగా కనిపించేది పేగుల్లోనే. వంజరం కోసి పేగులు తీసేస్తే చాలా మటుకు పోతుంది. తల, పొట్టతో సహా తినే ఎండు నెత్తళ్లలోనూ, మొత్తంగా తినే ఆల్చిప్ప మాంసంలోనూ పోదు.

ఇప్పుడు జల్లెడ సంగతి. పోటు నీళ్లు చెత్త వదిలి వెళ్లే గీత వెంబడి 100 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, పైనున్న 5 సెంటీమీటర్ల ఇసుక తీసుకుందాం. అది 10 ఘనమీటర్లు, సుమారు 16 టన్నులు. పది లీటర్ల బకెట్లతో లెక్కేస్తే వెయ్యి బకెట్లు. ఇద్దరు కలిసి బకెట్‌కు మూడు నిమిషాల్లో జల్లించారనుకుంటే ఆ జంటకు 50 గంటల పని. ఇరవైమంది పది జంటలుగా చేస్తే 5 గంటలు. ఇసుక తడిగా ఉంటే జల్లెడ కళ్లు పూడుకుపోతాయి, ఆ 5 గంటలూ సరిపోవు. ఇంత చేసినా ఇసుక దిగాలంటే కళ్లు మిల్లీమీటరు వెడల్పైనా ఉండాలి. కోపిపాడ్ మింగే ముక్క, బట్టల నుంచి ఊడిన పోగు ఇసుకతో పాటే కిందికి జారిపోతాయి. అంటే ఆహార గొలుసులోకి వెళ్లే పరిమాణాన్ని ఏ జల్లెడా పట్టదు.

అయినా జల్లెడ తప్పనిసరయ్యే సందర్భం ఒకటుంది. ఫ్యాక్టరీలకు ముడిసరుకుగా వెళ్లే ప్లాస్టిక్ గుళికలు ఓడ నుంచి ఒలికినప్పుడు. 2021 మేలో కొలంబో దగ్గర ఎక్స్-ప్రెస్ పెర్ల్ ఓడ తగలబడి, జూన్‌లో మునిగింది. దాదాపు 1,680 టన్నుల గుళికలు సముద్రం పాలయ్యాయి. శ్రీలంక పడమటి తీరంలో కుప్పలుగా చేరినవి పప్పుగింజంత ఉంటాయి కాబట్టి జల్లెడకు చిక్కుతాయి. ఇలాంటప్పుడు 2 మిల్లీమీటర్ల జల్లెడలో మిగిలినదాన్ని సముద్రపు నీళ్ల బకెట్‌లో పోయండి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ గుళికలు తేలతాయి, గవ్వలు మునుగుతాయి. పైకి వచ్చిన పుల్లలు, ఎండు నాచు ఏరేసి గుళికలను వలతో తీయవచ్చు. గట్టి పాలీస్టైరీన్ ముక్కలు సముద్రపు నీటిలో మునుగుతాయి. వాటికోసం లీటరు నీటికి 350 గ్రాముల దాకా ఉప్పు కలపాలి. పీవీసీ, నీళ్ల సీసాల ప్లాస్టిక్ ఆ ఉప్పునీటిలోనూ మునిగే ఉంటాయి, అడుగున వెతకాల్సిందే. కొలంబో తీరంలో అసలు కష్టం కాలిపోయిన ముక్కలతో వచ్చింది. రంగు మారి, ముద్దలుగా, తునకలుగా అయిపోయి ఇసుకలో కంటికి ఆనలేదు.

చేత్తో ఏరడం ఇంత శాస్త్రీయంగా కనిపించదు. కానీ మామూలు బీచ్‌లో పనికొచ్చేది అదే, ఎందుకంటే ప్లాస్టిక్‌ను పొడిచేసే మర బీచే. నీటిలో ఉన్న ముక్క చల్లగా ఉంటుంది, పైన నాచు పట్టి ఎండ తగలదు. ఇసుక మీద పడ్డ ముక్కకు ఎండ, వేడి, గాలి, అలల రాపిడి అన్నీ కలుస్తాయి. రెండు గ్రాముల సీసా మూత మిల్లీమీటరు ఘనాలుగా విరిగితే 2,100 ముక్కలు. పదోవంతు మిల్లీమీటరు దాకా విరిగితే 21 లక్షలు. ఆ మూతను ఇవాళ వంగి తీయడానికి రెండు సెకన్లు పడుతుంది. విరిగాక ఎవరూ తీయలేరు. బీచ్ శుభ్రత సాధించేది ఇదే. సముద్రంలో ఇప్పటికే ఉన్న మైక్రోప్లాస్టిక్‌ను అది తగ్గించదు, రేపు పుట్టబోయేదాన్ని ఆపుతుంది.

కాబట్టి ఏరే వరుస ముఖ్యం. బరువు చూసి గాజు సీసాలతో సంచులు నింపితే ఫొటోకు బాగుంటుంది, మైక్రోప్లాస్టిక్‌కు సంబంధం లేదు. ముందు థర్మోకోల్, అదీ గాలి లేవకముందే. తర్వాత పాత తాళ్లు, వల ముక్కలు, పలుచని కవర్లు, మూతలు. ముక్క మీద గోరుతో నొక్కి చూడండి. తెల్లటి పొడి అంటినా, సన్న పగుళ్లు కనిపించినా అది విరిగే దశలో ఉంది. దాన్ని లాగకుండా, కింద ఇసుకతో సహా పళ్లెంలోకి ఎత్తాలి. సగం పూడిన కవర్‌ను గుంజితే పైభాగం చేతికొస్తుంది, మిగతాది చిరిగి లోపలే ఉండిపోతుంది. చుట్టూ తవ్వి తీయాలి.

యంత్రం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎంత దూరమైనా దువ్వుతుంది గానీ పెళుసుబారిన ముక్కలను ఇంకా నలిపేస్తుంది. పోటు గీత మీది నాచును, అందులో బతికే పురుగులను, వాటిని తినే తీరపు పక్షుల తిండినీ ఎత్తుకుపోతుంది. మన తీరంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోట ట్రాక్టర్ దింపడమే తప్పు.

గెడ్డ అడ్డు చేత్తో ఏరడం కన్నా మేలా? కొత్తగా వచ్చే చెత్త విషయంలో నిస్సందేహంగా మేలు. నగరపు చెత్త తొలి వానలతోనే పెద్దఎత్తున కొట్టుకొస్తుంది, అది ఇంకా విరగలేదు, ఒక్కచోట దొరుకుతుంది. కానీ కట్టే తీరులో తేడా వస్తే అంతా వృథా. గెడ్డకు అడ్డంగా నిలువునా జాలీ బిగిస్తే మొదటి వానకే పూడిపోయి నీళ్లు వీధుల్లోకి తన్నుకొస్తాయి, ఎవరో ఒకరు దాన్ని కోసేస్తారు. తేలే అడ్డును ఏటవాలుగా కడితే చెత్త ఒక గట్టు వైపు చేరుతుంది, కింది నుంచి నీళ్లు పోతాయి. వరద వేగం పెరిగితే చెత్త కూడా కింది నుంచే దాటుతుంది. మునిగే ముక్కలు, పోగులు దీనికి ఎప్పుడూ చిక్కవు. ప్రతి వాన తర్వాత ఖాళీ చేసే మనిషి, బండి లేకపోతే అడ్డు కట్టకండి. నిండిన అడ్డు తెగితే వారాల చెత్త ఒక్కసారిగా సముద్రంలో పడుతుంది.

ఆ ఇరవైమంది ఆదివారానికి నా లెక్క: జూన్‌కు ముందు గెడ్డ దగ్గర, వానలు తగ్గాక బీచ్ మీద, ఆటు మొదలైన గంటలో, చేత్తో. జల్లెడను శుభ్రతకు కాక కొలతకు వాడండి. ప్రతి నెలా అదే చోట, పోటు గీత మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, 5 సెంటీమీటర్ల లోతు ఇసుక జల్లించి ముక్కలు లెక్కపెట్టండి. కొన్ని చదరాలు పక్కపక్కన తీస్తేనే లెక్క నమ్మదగ్గది, ఎందుకంటే రెండు అడుగుల దూరంలోనే సంఖ్య విపరీతంగా మారుతుంది. నింపిన సంచులను ఆ సాయంత్రమే బండెక్కించాలి. అల్లిన ప్లాస్టిక్ గోనెలు ఎండలో వదిలేస్తే నెలల్లోనే పోగులు పోగులుగా రాలిపోతాయి.