క్లయింట్‌కు గెస్ట్ యాక్సెస్ ఇచ్చే ట్రాకర్ కొంటున్నారా? మేము దాచిన ఫీల్డు మెయిల్‌లో బయటపడింది, జాగ్రత్త

బెంగళూరు మారతహళ్లిలో పదకొండు మందితో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ మాది. గెస్టులకు రహస్య ఫీల్డులు, అంతర్గత వ్యాఖ్యలు కనబడవని అమ్మకందారు హామీ ఇవ్వడంతో, ఏడాది చందా ముందుగానే కట్టి, ప్రతి పనినీ ఒక టికెట్‌గా నమోదు చేసే ట్రాకర్ సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాము.

ప్రతి టికెట్‌లోనూ ‘గంటకు మా ఖర్చు’ అనే ఫీల్డు ఉండేది. క్లయింట్‌కు గంటకు 1,800 రూపాయల బిల్లు వేస్తున్న పనికి అందులో 1,100 అని రాసి, క్లయింట్ చూసే వ్యూలో ఆ కాలమ్‌ను దాచాము. గెస్ట్ ఖాతాతో తెరిచి చూస్తే కనబడలేదు కాబట్టి నిశ్చింతగా ఉన్నాము. రెండు నెలల తర్వాత మా మేనేజర్ ఆ అంకెను 1,250కి మార్చగానే, ఆ టికెట్‌ను ఫాలో అవుతున్న క్లయింట్‌కు పాత అంకె, కొత్త అంకె రెండూ ఉన్న మెయిల్ వెళ్లింది. మరుసటి రోజే రేటు తగ్గించమని అడిగారు. వెళ్లిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే దారి లేదు.

కారణం తర్వాత తెలిసింది. వ్యూలో కాలమ్‌ను దాచడం తెరకు సంబంధించిన ఏర్పాటు మాత్రమే. దాన్ని చూసే హక్కును తొలగించడం వేరే విషయం. హక్కు మిగిలే ఉన్నప్పుడు మార్పుల చరిత్ర, మెయిల్, సీఎస్‌వీ ఎగుమతి, వీటిలో ఏదో ఒక దారిన ఆ సమాచారం బయటికి పోవచ్చు. మేము కొన్నది జిరా అనే ట్రాకర్ కాదు గానీ, అందులోనూ ఇష్యూ సెక్యూరిటీ లెవెల్ మొత్తం ఇష్యూకు, అంటే టికెట్‌కు వర్తిస్తుందే తప్ప ఒక్క ఫీల్డును దాచదు.

వ్యాఖ్యల విషయంలోనూ ఇలాగే దెబ్బతిన్నాము. ట్రాకర్‌లో రాస్తే ‘అంతర్గతం’ అని ఎంచుకునే వీలుంది. కానీ మా ఉద్యోగి నోటిఫికేషన్ మెయిల్‌కే జవాబు రాయడంతో అది అందరికీ కనబడే వ్యాఖ్యగా చేరిపోయింది.

అందువల్ల ఏడాది చందా కట్టేముందు మీ సొంత మెయిల్‌తో ఒక గెస్ట్ ఖాతా తెరవండి. దాచాల్సిన ప్రతి ఫీల్డులోనూ, అంతర్గత వ్యాఖ్యలోనూ ‘gummadikaya’ లాంటి, మరెక్కడా రాని మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి, అంకెల ఫీల్డయితే మరెక్కడా రాని అంకె పెట్టి, ఆ టికెట్‌ను గెస్ట్‌గా ఫాలో అవుతూ అసలు ఖాతా నుంచి ఆ విలువలను మార్చండి. ఆ మాట, ఆ అంకె కోసం గెస్ట్ మెయిల్‌లో, వెతుకుడు పెట్టెలో, ఎగుమతి చేసిన ఫైలులో చూడండి. చివరగా బ్రౌజర్‌లో F12 నొక్కి, Network ట్యాబ్ తెరిచి, పేజీని రీలోడ్ చేసి, సర్వర్ పంపిన జవాబుల్లోనూ వెతకండి. తెరమీద లేకపోయినా అక్కడ దొరికితే అది దాచినట్టు కాదు.

ఇప్పుడు మేము క్లయింట్‌కు వేరే ప్రాజెక్టు తెరిచి, శీర్షిక, స్థితి, గడువు, వివరణ మాత్రమే అందులోకి ఎక్కిస్తున్నాము. రెండుచోట్లా రాయడం శ్రమే, ఒక్కోసారి స్థితి మార్చడం మరచిపోతున్నాము కూడా. అయినా ఖర్చు ఫీల్డు అసలు ఆ ప్రాజెక్టులోనే లేదు. చందా సొమ్ము మాకు తిరిగి రాలేదు కాబట్టి, పైన చెప్పిన పరీక్ష పూర్తయ్యేవరకు నెలవారీగానే కట్టండి.