రిగ్రెషన్ చాప్టర్‌ను ఒక పేజీకి కుదించే మూడు గళ్ల పద్ధతి: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఊహనలు, కోఎఫిషియెంట్ల అర్థం, లోపాల తనిఖీ అని మూడు గళ్లు గీసి చాప్టర్ మొత్తాన్ని ఒక పేజీలోకి తెచ్చే పద్ధతి ఇది. బాగా పనిచేస్తుంది. అయితే ప్రతి ఊహన పక్కనా "ఇది తప్పితే ఏది చెడుతుంది?" అన్నది రాసినప్పుడే.

అలా రాస్తే వరుస తనంతట తనే తేలుతుంది. సరళరేఖ సంబంధం లేకపోయినా, మోడల్‌లో లేని కారణం ఎర్రర్‌లో దాగి వేరియబుల్‌తో కలిసి కదిలినా, కోఎఫిషియెంటే తప్పుతుంది. ఎర్రర్ల వ్యాప్తి సమానంగా లేకపోతే కోఎఫిషియెంట్ నిలుస్తుంది, స్టాండర్డ్ ఎర్రర్ చెడుతుంది. నార్మాలిటీ చివర్లో వస్తుంది, చిన్న శాంపిల్‌లోనే దాని అవసరం ఎక్కువ. అది కూడా ఎర్రర్లకే వర్తిస్తుంది, X వేరియబుల్స్‌కి కాదు. చాలా నోట్సుల్లో ఇక్కడే తప్పు దొర్లుతుంది.

రెండో గడికి నిర్వచనం కన్నా ఒక ఉదాహరణ మేలు. ఇళ్ల ధరల మోడల్ తీసుకుందాం:

```
lm(log(price) ~ area + rooms)
```

విస్తీర్ణాన్ని వంద చదరపు మీటర్లలో కొలిస్తే దాని కోఎఫిషియెంట్ 0.40 వచ్చిందనుకుందాం. ధర 40 శాతం ఎక్కువని రాయకూడదు. e^0.40 అంటే 1.49, కాబట్టి గదుల సంఖ్య మారకుండా వంద చదరపు మీటర్లు పెరిగితే ధర సుమారు 49 శాతం ఎక్కువ. గదుల కోఎఫిషియెంట్ −0.05 వస్తే కంగారు పడనక్కర్లేదు. ఒకే విస్తీర్ణమున్న ఇళ్లను పోలుస్తున్నాం కదా, గది పెరిగితే ఒక్కో గదీ ఇరుకవుతుంది. "మిగతావి మారకుండా" అనే మాట వదిలేస్తే ఈ మైనస్ గుర్తు అర్థం కాదు.

మూడో గడిలో పరీక్షల పేర్లకన్నా కంటికి ఏం కనిపించాలో రాయాలి. రెసిడ్యువల్స్ గ్రాఫ్‌లో వంపు కనిపిస్తే రేఖ సరిపోలేదు. గరాటులా విచ్చుకుంటే వ్యాప్తి అసమానం, అప్పుడు రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్లు వాడాలి. ఇదే మోడల్‌లో గదులను విస్తీర్ణంతో అంచనా వేస్తే R² 0.9 వచ్చిందంటే, కోఎఫిషియెంట్ వేరియన్స్ ఎన్ని రెట్లు ఉబ్బిందో చెప్పే VIF 1/(1 − 0.9), అంటే 10. దాని వర్గమూలం తీస్తే, అవి రెండూ సంబంధం లేనివైతే ఉండేదానికి స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 3.2 రెట్లు. ఆ −0.05ని నమ్మేముందు దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సున్నాను దాటి అటూ ఇటూ పరుచుకుందేమో చూడాలి.

ఈ పద్ధతిలో పెద్ద లోటు కూడా ఇక్కడే ఉంది. విశాలమైన ఇళ్లు మంచి ప్రాంతాల్లోనే ఎక్కువగా ఉండి, ప్రాంతం మోడల్‌లో లేదనుకోండి. విస్తీర్ణం కోఎఫిషియెంట్ ఉబ్బుతుంది, కానీ గ్రాఫ్‌లో ఏ జాడా ఉండకపోవచ్చు. లీస్ట్ స్క్వేర్స్ లెక్క ప్రకారమే రెసిడ్యువల్స్‌కు మోడల్‌లోని వేరియబుల్స్‌తో కోరిలేషన్ సున్నా అవుతుంది మరి. అందుకే మూడో గడి కింద "డేటాలో లేనిది ఏమిటి?" అని ఒక వరుస చేతితో చేర్చుకోవాలి.