సీజన్ ముందు టైలర్ని పెట్టుకోవాలా, చేతిపని బయటికివ్వాలా?

ఆషాఢం వచ్చిందంటే చాలు, షాపు పెట్టుకున్న చెల్లెళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. అక్కా, శ్రావణం పెళ్ళిళ్ళకి ఇంకో టైలర్ని పీసు లెక్కన కూర్చోబెట్టుకోవాలా, చేతిపని బయటికిచ్చి మెషిన్ మనమే తొక్కుకోవాలా అని. పాలకొల్లులో నాదీ చిన్న షాపే, ఈసారి నేనేం చేస్తున్నానో చెప్తా.

లైనింగ్ జాకెట్‌కి కటింగ్ ఒక ఇరవై ఐదు నిమిషాలు, మెషిన్ మీద గంటంపావు, హెమ్మింగూ హుక్కులూ కాజాలూ ఇంకో నలభై నిమిషాలు అనుకోండి. ఒక్కదాన్నే అంతా చేస్తే రోజుకి మూడు దాటవు. చేతిపని పక్కన పెడితే నాలుగు తేలిగ్గా అవుతాయి. టైలర్ వస్తే లెక్కలో ఇంకా ఎక్కువే అవుతాయి, కాదనను.

కానీ నాకు లెక్క కన్నా తప్పు జరిగితే ఏమవుతుందన్నదే ముఖ్యం. పెళ్ళికూతురి పట్టు జాకెట్ గుడ్డ చీరలోంచి వచ్చిందే, రెండోది దొరకదు. కొత్త మనిషి పక్క కుట్టు మనకన్నా పావు అంగుళం లోపలికి వేశాడనుకోండి, ముందూ వెనకా, రెండు పక్కలా కలిపి చుట్టుకొలతలో అంగుళం పోతుంది, వేసుకుని చేతులు ఎత్తితే హుక్కుల దగ్గర నోరు తెరుస్తుంది. విప్పితే పట్టు మీద సూది రంధ్రాలు అలాగే కనిపిస్తాయి. అదే హుక్కు వంకరగా పడితే ఏముంది, దారం తెంపి మళ్ళీ కుట్టుకుంటాం.

అందుకే నా ఓటు చేతిపని బయటికే. పైగా మన వైపు నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళు ఎంతమందో, సన్నపని వాళ్ళకి కొత్తేం కాదు, ఒక జాకెట్ దగ్గర కూర్చుని చూపిస్తే చాలు.

టైలర్ తప్పదు అనుకుంటే బంధువుల మామూలు కాటన్ జాకెట్లు ఇవ్వండి, అదీ కటింగ్ మీరే చేసి, కుట్టు గీత కూడా మీరే గీసి. కొత్త పవర్ మెషిన్ కొనడమంటారా, సీజన్ మధ్యలో చెయ్యి అలవాటవ్వదు, వదిలేయండి. ఆర్డర్లు తగ్గించుకోవడమైతే మగ్గం వర్క్ ఉన్నవాటికి మాత్రం చేస్తా, ఎందుకంటే గీతలు గీసిచ్చి వర్క్ అయ్యి తిరిగొచ్చాకే కదా మనం కత్తెర పట్టేది.

ఏ దారిలో వెళ్ళినా లైనింగ్ ముందే నానబెట్టి ఆరేసుకోండి, తడపకుండా కుడితే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది, మన వానలకి ఒక్క రోజులో ఆరేదీ లేదు. ఇంకోటి, వరలక్ష్మీ వ్రతం శుక్రవారం చేతిపని వాళ్ళెవరూ సూది పట్టరు, ఆ వారం ఇవ్వాల్సినవి బుధవారానికే వాళ్ళ చేతుల్లోంచి వచ్చేలా చూసుకోండి.