నాలుగేళ్ల స్టూడెంట్ ప్లాన్: పాటల మీద కాదు, గడువు తేదీ మీదే నా ఫిర్యాదు

ఒక మ్యూజిక్ యాప్ స్టూడెంట్ ప్లాన్‌ను నేను 2021 ఫిబ్రవరి నుంచి 2025 ఫిబ్రవరి వరకు వాడాను. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తరహా ప్లాన్లలో చాలావాటి పద్ధతి ఇదే. సగం ధరకు ప్రకటనలు లేకుండా పాటలు వస్తాయని అందరికీ తెలుసు కనుక, ఏటా వచ్చే ధ్రువీకరణ గురించి మాత్రమే రాస్తాను.

మొదటి ఏడు నేను ఈ ప్లాన్‌ను అడిగినవారికీ అడగనివారికీ మెచ్చుకుంటూ చెప్పాను. కాలేజీ పేరు ఎంచుకుని, కాలేజీ ఈమెయిల్ ఇచ్చి, దానికి వచ్చిన లింకు నొక్కితే రెండు నిమిషాల్లో పని అయిపోయింది. విద్యార్థి అవునో కాదో తేల్చేది సాధారణంగా యాప్ వాళ్లు కాదు. షీర్‌ఐడీ, యూనిడేస్ వంటి మధ్యవర్తి సంస్థలకు ఆ పని అప్పగిస్తారు. ఆ వేగమంతా కాలేజీ ఈమెయిల్ పుణ్యమేనని, అది లేనివాడికి ఇదే ప్లాన్ వేరే అనుభవమని నాకు మూడో ఏడు తెలిసివచ్చింది.

2023 జనవరి నాటికి మా కాలేజీకి స్వయంప్రతిపత్తి వచ్చి, పాత ఈమెయిల్ డొమైన్ మారిపోయింది. కొత్త డొమైన్ మధ్యవర్తి సంస్థ జాబితాలో లేదు కనుక పత్రం అప్‌లోడ్ చేయమన్నారు. ఐడీ కార్డు ఫొటో పెట్టాను, తిరస్కరించారు. కార్డు మీద ‘2020–24’ అని బ్యాచ్ మాత్రమే ఉంది. ఈ విద్యాసంవత్సరంలో నేను చదువుతున్నట్టు చూపే తేదీ ఏదీ లేదు. ఆఫీసులో రెండు రోజులు తిరిగి, ప్రిన్సిపాల్ సంతకంతో బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చి పెట్టాను. అందులో విద్యాసంవత్సరం స్పష్టంగానే ఉంది, కానీ అదీ తిప్పికొట్టారు. ఈసారి చిక్కు పేరు దగ్గర వచ్చింది. మనవాళ్ల ఇంటిపేరు కాలేజీ కాగితాల్లో ముందు పొడి అక్షరంగా ఉంటుంది; నేనేమో యాప్‌లో ఇంటిపేరు పూర్తిగా రాసి చివర పెట్టుకున్నాను. మనిషి చూస్తే ఒక్కరేనని తెలుస్తుంది గానీ, అక్షరాలు సరిచూసే పద్ధతికి వాళ్లిద్దరూ వేర్వేరు.

ఫారంలో పేరును కాగితంలో ఉన్నట్టే మార్చి, ఆ సెమిస్టర్ ఫీజు రసీదు పెట్టాక ఆ సాయంత్రానికే ఆమోదం వచ్చింది. పేరు, కాలేజీ పేరు, ఇటీవలి తేదీ, మూడూ ఒకే పేజీలో ఉన్న కాగితం నా దగ్గర అదొక్కటే. మరుసటి ఏడు నేరుగా రసీదే పెట్టాను.

అయితే ఈ తిరుగుడు మధ్యలోనే గడువు తేదీ దాటిపోయింది. గడువు ముగిస్తే ప్లాన్ ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు, పూర్తి ధరకు మారింది. మొదట్లో నేను యూపీఐ ఆటోపేకి అనుమతి ఇచ్చినప్పుడు అందులో గరిష్ఠ మొత్తం 500 రూపాయలని ఉంది, చూడకుండానే పిన్ కొట్టాను. పూర్తి ధర ఆ హద్దు లోపలే ఉంది కనుక మళ్లీ నన్ను అడగనక్కర్లేకపోయింది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు తీసుకునే 24 గంటల ముందు రావలసిన సందేశం వచ్చింది, అందులో కొత్త మొత్తమూ ఉంది. అలాంటి సందేశాలు ప్రతి నెలా వస్తాయి కాబట్టి నేనే చదవలేదు. ఆ నెల తేడా వాపసు ఇవ్వలేదు, తగ్గింపు తరువాతి బిల్లు నుంచే మళ్లీ మొదలైంది. మళ్లీ ధ్రువీకరించుకోమని నెల ముందే ఈమెయిల్ వచ్చిందట. అది జీమెయిల్ ప్రమోషన్స్‌లో అమ్మకాల ప్రకటనల మధ్య దొరికింది.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. ధ్రువీకరణ జరిగిన రోజు నుంచి 12 నెలలు లెక్కిస్తారే తప్ప కోర్సు ముగింపును బట్టి కాదు. అందువల్ల 2024 వేసవిలో నా బీటెక్ పూర్తయినా తగ్గింపు మరుసటి ఫిబ్రవరి దాకా సాగింది. కానీ అదే లెక్క చివర్లో ఎదురు తిరిగింది. ఎంటెక్‌లో చేరి, చేతిలో కొత్త ఫీజు రసీదు ఉండగానే, నాలుగేళ్ల పరిమితి అయిపోయిందని చెప్పారు. ఆ పరిమితి మనిషికే తప్ప కోర్సుకు కాదు. ఈ షరతు మొదటి రోజు నుంచీ నిబంధనల్లో ఉందని ఒప్పుకోక తప్పదు.

ఈసారి మాత్రం గడువుకు వారం ముందే యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి ఆ అనుమతిని రద్దు చేశాను. ఖాతా ఉచిత ప్లాన్‌కు దిగింది. ప్లేలిస్టులు అలాగే ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు పోయాయి. హాస్టల్‌లో వైఫై ఉంది కనుక నాకు పెద్ద ఇబ్బంది లేదు. రోజూ రెండు గంటలు బస్సులో వెళ్లే మా చెల్లికి ఉచిత ప్లాన్ చాలదు; దాని కాలేజీ ఈమెయిల్ ఇవ్వదు కాబట్టి, ఫీజు కట్టిన వారంలోనే రసీదుతో చేరమని చెప్పాను.