యాప్‌లో మెనూ ధర ఎంత పెంచాలి: హైదరాబాద్ బిర్యానీ క్లౌడ్ కిచెన్‌లో చాలాకాలం నడిపి చూసిన లెక్క

క్లౌడ్ కిచెన్ పెట్టిన వాళ్లలో చాలామంది స్విగ్గీ, జొమాటోల్లో చేరగానే ఒకే పని చేస్తారు. మెనూలోని ప్రతి ఐటమ్ మీద ఇరవయ్యో పాతికో శాతం వేసి అప్‌లోడ్ చేసేస్తారు. బిర్యానీ, స్టార్టర్లు, ఫ్యామిలీ ప్యాక్‌లు అమ్మే కిచెన్‌లో ఈ పద్ధతినీ, ఐటమ్‌ను బట్టి ఎక్కువ తక్కువగా పెంచే పద్ధతినీ రెండింటినీ దీర్ఘకాలం నడిపి చూశాక తేలింది ఒకటే. అన్నిటి మీదా ఒకే శాతం వేస్తే యాప్ కోసుకునే కమీషన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆర్డర్లూ పడిపోతాయి. తేడాగా వేస్తే కమీషన్‌లో చాలా భాగం వెనక్కి వస్తుంది, ఆర్డర్లు కొద్దిగానే తగ్గుతాయి. అసలు తగ్గకుండా పెంచడం మాత్రం కుదరదు.

మొదట కోత ఎంతో సరిగ్గా పట్టుకోవాలి. కమీషన్ ఒక్కో కిచెన్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ అగ్రిమెంట్‌లో ఉన్న అంకెనే తీసుకోండి. ఇక్కడ ఉదాహరణకు పేమెంట్ ఛార్జీతో కలిపి 25 శాతం అనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. 2022 జనవరి 1 నుంచి తిండి మీద 5 శాతం జీఎస్టీని యాప్ వాళ్లే కస్టమర్ దగ్గర వసూలు చేసి కడుతున్నారు. 5 శాతం రేటులో ఉన్న రెస్టారెంట్‌కు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకునే వీలు, లేదు కాబట్టి కమీషన్ మీద కట్టిన ఆ 18 శాతం పూర్తిగా మన జేబులోదే. అంటే అసలు కోత 25 కాదు, 29.5 శాతం. సెటిల్‌మెంట్ షీట్‌లో టీడీఎస్ అని కనిపించే 0.1 శాతాన్ని ఇందులో కలపనక్కర్లేదు, అది రిటర్న్ వేసినప్పుడు మన లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు సింగిల్ చికెన్ దమ్ బిర్యానీ తీసుకోండి. ఫోన్‌లో చెప్పి వచ్చి తీసుకెళ్లేవాళ్లకు 220 రూపాయలు. సరుకు ఖర్చు 95, డబ్బా, సాలన్, రైతా కప్పులు, కవర్ కలిపి 14. డైరెక్ట్‌గా అమ్మితే అద్దె, గ్యాస్, జీతాలకు 111 మిగులుతుంది. అదే 220కి యాప్‌లో అమ్మితే చేతికొచ్చేది 155, మిగిలేది 46. పాతిక శాతం వేసి 275 చేస్తే చేతికి 194 వస్తుంది, 220 కాదు. కోత పెంచిన ధర మీద పడుతుంది కాబట్టి కూడితే సరిపోదు, భాగించాలి:

```
యాప్ ధర = చేతికి రావాల్సినది ÷ (1 − 0.295)
220 ÷ 0.705 = 312
```

312కి సింగిల్ బిర్యానీ పెడితే అమీర్‌పేట హాస్టల్ కుర్రాడు ఇంకో కిచెన్ చూసుకుంటాడు. సింగిల్ బిర్యానీ ధర ఈ ఊళ్లో అందరికీ నోటికి వచ్చు. నాలుగు కిచెన్లు తెరిచి పోల్చి చూసేది కూడా దాన్నే. అందుకే కమీషన్‌ను ఐటమ్ దగ్గర రాబట్టాలనే ఆలోచన వదిలేసి ఆర్డర్ దగ్గర రాబట్టాలి. లెక్క చూడాల్సింది శాతాల్లో కాదు, ఒక్కో ఆర్డర్‌కు ఎన్ని రూపాయలు మిగులుతున్నాయో చూడాలి.

బాగా పనిచేసిన అమరిక ఇది. సింగిల్ బిర్యానీని 259 దగ్గర ఆపాం. మిగిలేది 74. డైరెక్ట్ కంటే తక్కువే అయినా పాత 46 మీద నయం. బిర్యానీ, డబుల్ కా మీఠా, మజ్జిగ కలిపిన కాంబో విడివిడిగా 310 అవుతుంది. యాప్‌లో 379 పెట్టి, అందులో 50 తగ్గింపు మనమే ఇస్తాం. సరుకు, ప్యాకింగ్ కలిపి 149 పోతే 83 మిగులుతుంది. నలుగురు తినే ఫ్యామిలీ ప్యాక్ డైరెక్ట్‌గా 780, యాప్‌లో 899. ఖర్చు 380 పోగా 254 మిగులుతుంది. ఇక్కడ పెంచింది 15 శాతమే, సింగిల్ మీద పెంచిన దానికన్నా తక్కువ. కానీ ఒక్క డెలివరీలో మూడు సింగిల్స్ కంటే ఎక్కువ మిగులుతుంది. కాంబోను మాత్రం ఎవరూ పక్క కిచెన్‌తో సూటిగా పోల్చలేరు, అందులో ఉన్నవి అక్కడ అదే కలయికలో ఉండవు. అందుకే శాతంలో ఎక్కువ పెంపు కాంబోల మీద, ఎక్స్‌ట్రా సాలన్, ఉడికించిన గుడ్డు, అదనపు పీస్ లాంటి యాడ్-ఆన్‌ల మీద పడాలి.

వంద ఆర్డర్లలో 50 సింగిల్, 35 కాంబో, 15 ఫ్యామిలీ ప్యాక్ అనుకుంటే పాత ధరలకు అదే 50 తగ్గింపుతో మొత్తం సుమారు 6,040 మిగులుతుంది. కొత్త ధరలకు సుమారు 10,400. ఆర్డర్‌కు 60 నుంచి 104కు వెళ్లింది. అంటే ఆర్డర్ల పాళ్లు మారకపోతే, వంద ఆర్డర్లు 58కి పడిపోయినా చేతిలో మిగిలేది పాత సొమ్మే. ధర పెంచే ముందు ఈ అంకె కట్టుకోని వాళ్లు మొదటి వారం పది ఆర్డర్లు తగ్గగానే బెదిరి పాత ధరకు దిగిపోతారు. అయితే ఈ అంకె చూసుకుని ధీమాగా ఉండటమూ తప్పే. ఆర్డర్లు మరీ పడిపోతే లిస్టింగ్‌లో కిందకు జారతాం, అప్పుడు పడేది కేవలం ధర ప్రభావం కాదు. వందకు పది, పన్నెండు తగ్గితే ఊరుకోవచ్చు, అంతకు మించితే ఆగి చూడాలి.

పెంపు ఒక్కసారే చేయొద్దు. ఒక గుంపు ఐటమ్స్‌ను తీసుకుని 5 నుంచి 7 శాతం పెంచి రెండు వారాలు వదిలేయాలి, ఆ రెండు వారాల్లో కొత్త ఆఫర్ గానీ యాడ్ గానీ మొదలుపెట్టకూడదు. రంజాన్ నెలలోనో, ఐపీఎల్ మ్యాచ్‌ల రోజుల్లోనో పెంచితే ఏది దేనివల్ల జరిగిందో తేలదు. సోమవారం పెంచి, సోమవారాన్ని ముందటి సోమవారంతోనే పోల్చండి. మాదాపూర్, కొండాపూర్ వైపు ఆఫీసు లంచ్ ఆర్డర్లకూ ఆదివారం సాయంత్రం ఇంటి ఆర్డర్లకూ పోలిక లేదు.

దెబ్బ ఎక్కడ తగిలిందో పార్ట్‌నర్ యాప్‌లోనే కనిపిస్తుంది. ఎంతమందికి కనిపించాం, ఎంతమంది మెనూ తెరిచారు, ఎంతమంది కార్ట్‌లో వేశారు, ఎంతమంది ఆర్డర్ పెట్టారు అని నాలుగు మెట్లు ఉంటాయి. మెనూ తెరిచేవాళ్లు అంతే ఉండి కార్ట్‌లో వేసేవాళ్లు తగ్గితే ఐటమ్ ధరే కారణం. ఎక్కువగా అమ్ముడయ్యే రెండు మూడు ఐటమ్స్ ధర ఒక మెట్టు దించండి, మిగతావి కదపొద్దు. కార్ట్ నిండుతూ ఆర్డర్ దగ్గర ఆగిపోతుంటే ధర కాదు, చివరి బిల్లు. ప్యాకింగ్ ఛార్జీ, డెలివరీ ఫీజు కలిసేసరికి వెనక్కి తగ్గుతున్నారు, లేదా కూపన్ పడాలంటే ఇంకో ఇరవై రూపాయలు తక్కువవుతోంది. అసలు కనిపించడమే తగ్గితే ధరను ముట్టుకోకండి. రేటింగ్, ఆలస్యాలు, కిచెన్ ఆఫ్‌లో ఉన్న గంటలు చూడండి.

కూపన్ విషయంలో కార్ట్‌ను కొలిచి ఐటమ్ ధర పెట్టాలి. 299 దాటితేనే తగ్గింపు పడే ఆఫర్ నడుపుతూ సింగిల్‌ను 259 దగ్గర ఉంచితే, 45 రూపాయల ఎక్స్‌ట్రా గుడ్డో స్వీటో చేర్చగానే కస్టమర్ గీత దాటతాడు. అదే స్వీట్‌ను 30కి పెడితే 289 దగ్గర ఆగిపోయి, చిరాకుపడి కార్ట్ వదిలేస్తాడు. ధర బాగా పెంచేసి సగానికి సగం తగ్గింపు చూపించే ఎత్తుకు మా మార్కులు తక్కువే. ఆఫర్ ఉన్నన్ని రోజులు వచ్చే జనం ఆఫర్ తీయగానే మాయమవుతారు. పైగా కమీషన్ తగ్గింపుకు ముందు ధర మీద వేస్తున్నారా, తర్వాత ధర మీద వేస్తున్నారా అన్నది అగ్రిమెంట్‌ను బట్టి ఉంటుంది. సెటిల్‌మెంట్ షీట్‌లో ఒక్క కాంబో ఆర్డర్ తీసి చూడండి. జీఎస్టీ కలపక ముందు కోత 82 చిల్లర ఉంటే తగ్గించాక మిగిలిన 329 మీద వేసినట్టు, దాదాపు 95 ఉంటే పూర్తి 379 మీద వేసినట్టు. రెండోదైతే పైన 83 అన్న మిగులు 68కి దిగుతుంది, కాంబో మీద ఇచ్చే తగ్గింపును అప్పుడు కుదించాల్సిందే.

ప్యాకింగ్ ఛార్జీని విడిగా చూపించడం కంటే ఐటమ్ ధరలో కలపడమే మేలు. చాలా అగ్రిమెంట్లలో దాని మీదా కమీషన్ పడుతుంది కాబట్టి విడిగా పెట్టినందువల్ల కలిసొచ్చేది లేదు, బిల్లులో మాత్రం కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇదంతా చేసే ముందు అగ్రిమెంట్‌లో ధరల సమానత్వం గురించి ఏదైనా షరతు ఉందేమో చదవండి. మన కౌంటర్‌లో, వెబ్‌సైట్‌లో, ఇంకో యాప్‌లో ఉన్న ధర కంటే ఇక్కడ ఎక్కువ పెట్టకూడదని రాసుకునే షరతు అది. నేషనల్ రెస్టారెంట్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఫిర్యాదు మీద 2022 ఏప్రిల్‌లో కాంపిటీషన్ కమిషన్ విచారణకు ఆదేశించిన అంశాల్లో ఇదీ ఒకటి. షరతు ఉంటే ఒకే ఐటమ్‌ను రెండు ధరలకు అమ్మకుండా, యాప్‌కు వేరే సైజు, వేరే కాంబో తయారు చేసుకోవడమే దారి. సైజు నిజంగానే వేరై ఉండాలి, అదే డబ్బాకు కొత్త పేరు పెడితే రెండూ తిన్న కస్టమర్ ఇట్టే పట్టేస్తాడు. పార్శిల్‌లో వేసే కాగితం మీద డైరెక్ట్ ధరలు అచ్చు వేయించడమూ మంచిది కాదు. బిల్లు పక్కన పెట్టి చూసుకున్న కస్టమర్ మోసపోయానని రివ్యూ రాస్తాడు.

కూల్‌డ్రింక్, వాటర్ బాటిల్ మీద ఈ లెక్కలేవీ నడవవు. ఎమ్మార్పీ దాటి అమ్మకూడదు, కోత మాత్రం వాటికీ పడుతుంది. 40 రూపాయల ఎమ్మార్పీ బాటిల్‌కు చేతికొచ్చేది 28, చాలాసార్లు కొన్న ధర కూడా రాదు. అందుకే కాంబోల్లోంచి వాటిని తీసేసి మన కిచెన్‌లోనే తయారైన మజ్జిగ, లస్సీ పెట్టాం.

టిఫిన్లు మాత్రమే అమ్మే కిచెన్‌కు ఈ పద్ధతి సిఫారసు చేయలేం. 50 రూపాయల ఇడ్లీ ప్లేటుకు చట్నీ, సాంబారు డబ్బాలు, కవర్ కలిపి బిర్యానీకి అయ్యేంత ప్యాకింగ్ ఖర్చు దాదాపు అవుతుంది. ధర 65 చేసినా కోత పోయి 46 చేతికొస్తుంది, అందులోంచి సరుకూ ప్యాకింగూ పోవాలి. ఇడ్లీ, వడ, దోసె కలిపిన ఇద్దరి ప్లేటు, నలుగురి ప్లేటు మాత్రమే యాప్‌లో ఉంచి సింగిల్ ప్లేట్లను డైరెక్ట్ ఆర్డర్లకు వదిలేయగలిగితేనే అక్కడ కాస్త మిగులుతుంది.