పాటలో బూతు మాట: బీప్ వెయ్యాలా, ఖాళీ వదలాలా, మాట మార్చాలా?

రేడియోలో వినే ఇంగ్లిష్ పాటకీ, ఫోన్‌లో పేరు పక్కన, బూతు ఉందని చెప్పే E గుర్తుతో కనబడే అదే పాటకీ చాలాసార్లు తేడా ఒకటి రెండు మాటలే. రేడియోకి పనికిరాదనుకున్న మాటని దాచడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. దాని మీద బీప్ వెయ్యొచ్చు. గొంతు మాత్రం తీసేసి సంగీతాన్ని నడవనివ్వొచ్చు. ఆ చోట వేరే మాట పాడించొచ్చు. వినడానికి మూడోదే హాయి. అతుకు తెలియదు, తాళం తప్పదు, పక్కన పిల్లలున్నా ఇబ్బంది ఉండదు. అయినా పాటకి ఎక్కువ హాని చేసేది అదేనని నా నమ్మకం. చాలా సందర్భాల్లో రెండో దారే మేలు.

2005లో ఎక్కడ చూసినా మోగిన జేమ్స్ బ్లంట్ పాట 'యూ ఆర్ బ్యూటిఫుల్' తీసుకుందాం. సబ్‌వేలో వేరే మగవాడితో వెళ్తున్న ఒకమ్మాయి ఇతన్ని చూసి నవ్వుతుంది. చూపులు కలుస్తాయి. నా మొహం చూడగానే ఆమెకి సంగతి తెలిసిపోయి ఉంటుంది అంటాడతను. ఏమిటా సంగతి? ఆల్బమ్‌లో 'హై' అనే మాట ముందు ఒక బూతు చేర్చి, పీకల్దాకా మత్తులో ఉన్నానని చెబుతాడు. రేడియోకి ఇచ్చిన రూపంలో అది 'ఫ్లయింగ్ హై' అయింది. మొదటి అక్షరం అదే, మాత్రలు అవే, ప్రాస చెక్కుచెదరలేదు. పనితనంలో వంక పెట్టడానికేం లేదు.

కానీ మామూలుగా వినేవాళ్లకి 'ఫ్లయింగ్ హై' అంటే సంతోషంతో గాల్లో తేలిపోవడం. బూతు అక్కడ వట్టి నొక్కు మాత్రమే, కథ మోస్తున్న మాట 'హై'. నొక్కుని తీసి ఇంకో మాట పెట్టేసరికి అది పక్కనున్న 'హై' అర్థాన్నే తిప్పేసింది. మత్తులో ఉన్నవాడు ఎవరి ప్రియురాలినో చూసి ఏదేదో ఊహించుకున్న కథ కాస్తా, తొలిచూపు ప్రేమ కథ అయిపోయింది. జనం దాన్ని ప్రేమగీతంగా, పెళ్లిళ్లలో పాడుకునే పాటగా చేసుకున్నారు. అది అలాంటి పాట కాదని, మత్తులో ఉండి పరాయివాడి ప్రియురాలి వెంటపడేవాడి పాట అని బ్లంట్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాల్సి వచ్చింది. ఆ అపార్థానికి తియ్యటి బాణీ, పల్లవి కూడా కారణమే, కాదనను. కానీ విన్నవాళ్లని ఒక్క క్షణం ఆపి 'వీడు ఏ స్థితిలో ఉన్నాడు?' అనిపించగలిగింది ఆ ఒక్క పాదమే. అక్కడ గొంతు ఆపేసి ఊరుకుని ఉంటే, చిన్న ఖాళీ తర్వాత 'హై' ఒంటరిగా వినబడి తన అర్థంతో తాను మిగిలేది.

ఎన్రికే ఇగ్లేసియాస్ 2010 పాట 'టునైట్'లో దెబ్బ ఇంకా సూటిగా తెలుస్తుంది. అందులో అతను ముందు క్షమించమంటాడు. మొరటుగా మాట్లాడాలని కాదు అంటాడు. ఆ తర్వాత 'కానీ ఈ రాత్రి...' అని అసలు మాట అనేస్తాడు. అసలు రూపంలో అది పచ్చి బూతు. క్షమాపణ ఉన్నదే దాని కోసం. రేడియో రూపంలో ఆ చోట 'లవింగ్ యూ' వచ్చింది. నిన్ను ప్రేమిస్తున్నానని చెప్పడానికి క్షమాపణ ఎందుకు? ముందు పాదం ఆధారం లేక వేలాడుతుంది. బూతు నచ్చనివాళ్లు కూడా ఆ పాదంలో ఒక మెలిక ఉందని ఒప్పుకుంటారు. మర్యాదగా మొదలుపెట్టి మొరటుగా ముగించడమే ఆ మెలిక. మాట మార్చినవాళ్లు మొరటుతనాన్ని తీసి మర్యాదని మాత్రం ఉంచారు. ఇక్కడ కూడా ఖాళీ వదిలితే, ముందున్న క్షమాపణ చాలు, వినేవాళ్లే ఆ జాగాని పూరించుకుంటారు.

ఖాళీ వదలడం చెప్పినంత తేలిక కాదు. పాటని మిక్స్ చేసిన స్టూడియోలో గొంతు వేరే ట్రాక్‌లో ఉంటుంది కాబట్టి ఆ మాట దగ్గర దాన్ని తగ్గిస్తే డ్రమ్స్, బేస్, గిటార్ యథాతథంగా సాగుతాయి. ఆ ట్రాకులు లేనివాళ్లు గొంతులేని రూపాన్ని పక్కన సరిగ్గా జతచేసి, ఆ అర సెకను మాత్రం దాంట్లోంచి తెచ్చుకుంటారు. అదీ లేకపోతే కొందరు ఎడమ, కుడి చానెళ్లని ఒకదాన్లోంచి ఒకటి తీసేసి, మధ్యలో, అంటే రెండింట్లోనూ ఒకేలా ఉన్న గొంతుని మాయం చేస్తారు. చిక్కేమిటంటే కిక్ డ్రమ్, బేస్ కూడా సాధారణంగా మధ్యలోనే ఉంటాయి. మాటతో పాటు అవీ పోతాయి. మాట పోయిన చోట పాట ఒక్కసారిగా పల్చబడి, వెంటనే మళ్లీ బరువెక్కిందంటే ఈ పనే జరిగిందని గుర్తుపట్టొచ్చు.

ఇంకో పొరపాటు ప్రతిధ్వనిది. మాటని కోశారు గానీ దాని ఎకో వేరే ట్రాక్‌లో ఉండిపోతే, ఖాళీ గడిచాక అదే బూతు వెనకనుంచి మెల్లగా వినబడుతుంది. వెనక పాడేవాళ్ల గొంతులోనూ అదే మాట ఉంటే మరీ స్పష్టం. అందుకే శ్రద్ధగా చేసేవాళ్లు ఆ పాదాన్ని హెడ్‌ఫోన్స్‌లో ఒక్కో చెవితో విడివిడిగా వింటారు. ఎంత కొయ్యాలన్నదీ ముఖ్యమే. మాట మొత్తం తీస్తే పాదానికి కాలు విరిగినట్టుంటుంది. మధ్యలోని అచ్చు తీసి మొదటి హల్లు ఉంచితే లయ నిలుస్తుంది, మాటా తెలిసిపోతుంది. దీనికి దగ్గరిదే మాటని తిరగేసి వినిపించడం. 1994లో టామ్ పెట్టీ పాటలో గంజాయి చుట్టకి వాడిన మాటని ఎంటీవీలో అలాగే తిప్పి వేశారు. నిడివి మారదు, అర్థం చెడదు, కానీ ఆ వింత శబ్దం చెవిని లాగుతుంది. నేనైతే దాన్ని ఖాళీ తర్వాతే లెక్కేస్తాను.

ఖాళీలో అర్థం బతికే ఉంటుంది కదా, సరిగ్గా అదే దాని ఇబ్బంది కూడా. అమెరికాలో ప్రసారాలని చూసే ఎఫ్‌సీసీ నియమాల ప్రకారం ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా అసభ్యమైనవి గాల్లోకి వదలకూడదు. కొలరాడోలోని కేకేఎంజీ అనే స్టేషన్ ఎమినెమ్ 'ది రియల్ స్లిమ్ షేడీ' పాటని, బూతులు తీసిన రేడియో రూపంలోనే వేసింది. అయినా 2001 జూన్‌లో ఎఫ్‌సీసీ 7,000 డాలర్ల జరిమానా వేసింది. మాటలు తీసినా ఏమంటున్నాడో తెలిసిపోతూనే ఉందన్నది అప్పటి వాదన. 2002 జనవరిలో అదే ఎఫ్‌సీసీ మనసు మార్చుకుని ఆ జరిమానా ఎత్తేసింది. స్టేషన్ నడిపేవాళ్లు మాట మార్చిన రూపాన్నే ఇష్టపడటానికి కారణం ఇలాంటి భయమే, అది అర్థం చేసుకోదగ్గదే. మన సినిమాల్లోనూ సెన్సార్ బోర్డు మ్యూట్ చేయించిన మాటని హాల్లో జనం పెదాల కదలికని బట్టి పట్టేస్తూనే ఉంటారు.

బీప్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, పాటలో దానికి చోటు లేదు. సాధారణంగా వాడే బీప్ 1000 హెర్ట్జ్ స్వరం. అది పియానో మీద ఏ మెట్టుకీ సరిగ్గా కూర్చోదు, 988 దగ్గరుండే మెట్టు కన్నా ఎక్కువ, 1046 దగ్గరుండే తర్వాతి మెట్టు కన్నా తక్కువ. పాట ఏ శ్రుతిలో ఉన్నా అపస్వరంలా తగులుతుంది. పైగా ఇక్కడ బూతు ఉందని చాటింపు వేస్తుంది. 2015 డిసెంబర్‌లో శింబు పాడిన తమిళ పాట ఒకటి ఆన్‌లైన్‌లోకి వచ్చింది. అందులో బూతు మీద బీప్ ఉంది. అయినా ఆడవాళ్లని కించపరిచిందని నిరసనలు, పోలీసు కేసులు ఆగలేదు. ఏ మాటో అందరికీ తెలిసిపోయింది. చివరికి జనం దాన్ని 'బీప్ సాంగ్' అనే పిలిచారు.

మాట మార్చడం నెగ్గిన సందర్భాలూ ఉన్నాయి. 2010లో సీలో గ్రీన్ పాట పల్లవి మొత్తం ఒక బూతు తిట్టు మీదే నిలబడింది. అది పాట పేరులోనే ఉంది. అన్నిసార్లు ఖాళీ వదిలితే పాటే మిగలదు. అందుకని అతనే 'ఫర్గెట్ యూ' అని మళ్లీ పాడాడు. డబ్బున్నవాడితో వెళ్లిపోయిన అమ్మాయి మీద కోపం, 'పోవే, నువ్వెవరో నాకనవసరం' అన్న ధోరణిలో మిగిలింది. పాత సోల్ పాటల తియ్యదనం మీద పచ్చి తిట్టు పడటంలో ఉన్న పులుపు మాత్రం పోయింది. అదే పాటలో ఇంకో చిన్న బూతుని మార్చలేదు, చివరి హల్లు కోసి 'ష్...' దగ్గర ఆపేశారు. పల్లవికి ఒక పద్ధతి, ఒంటరి మాటకి ఇంకో పద్ధతి. ఇది మంచి నిర్ణయం.

నేను ఎక్కువ తర్జనభర్జన పడేది 1987 నాటి పోగ్స్ అనే బ్యాండ్ పాట 'ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్' దగ్గర. ఇద్దరు చితికిపోయిన ప్రేమికులు క్రిస్మస్ రాత్రి తిట్టుకుంటారు. ఆమె అతన్ని స్వలింగ సంపర్కులని కించపరిచే మాటతో తిడుతుంది. 2007 డిసెంబర్‌లో బీబీసీ రేడియో 1 ఆ మాటని మ్యూట్ చేసింది. శ్రోతలు గొడవ చెయ్యడంతో అదే రోజు వెనక్కి తగ్గింది. 2020లో మళ్లీ మార్చింది, కానీ ఈసారి ఖాళీ కాదు. ఆమె పాత్ర పాడిన కర్స్టీ మెకాల్ 1992లో టీవీలో పాడినప్పుడు తానే మార్చి, అతన్ని చౌకబారు మనిషివని, వాడిపోయావని తిట్టింది. ఆమె 2000లో చనిపోయింది. ఆ పాదాన్ని ఆమె గొంతులోనే తెచ్చి అతికించారు. రేడియో 2 మాత్రం అసలు రూపాన్నే వేసింది.

ఇక్కడ నా ఓటు మార్చిన రూపానికి. ఖాళీ వదిలితే జనం ఆ జాగాలో ఆ మాటనే గట్టిగా పాడతారు, ఆ మాట పాటలోని మనిషిని దాటి బయట ఉన్న వేరేవాళ్లకి తగులుతుంది. 'యూ ఆర్ బ్యూటిఫుల్'లో బూతు ఎవరినీ తిట్టలేదు, అందుకే అక్కడ ఖాళీ చాలు. పైగా కర్స్టీ మార్చిన మాటలు కూడా తిట్లే. ప్రాసకి దాదాపు అందుతాయి, తాగి చితికిపోయిన ఆ ఇద్దరి నోటికీ నప్పుతాయి, తర్వాత వచ్చే పల్లవి ఎక్కడా తెగదు.