వాలిన కెమెరాను నమ్మి కొన్నాను: సెకండ్ హ్యాండ్ డీజేఐ మినీ 2

ఈ డ్రోన్‌లో నాకు బాగా నచ్చింది గింబల్, అంటే ముక్కు దగ్గర కెమెరాను మూడు వైపులా తిప్పే చిన్న మోటార్ల అమరిక. కొనే ముందు అసలు ఏదో నకిలీ ఏదో తేల్చింది కూడా అదే.

అప్పట్లో రెండు ప్రకటనలు చూశాను. ఒకదానిలో డ్రోన్ తళతళలాడుతోంది. ముక్కు మీద పెద్ద గాజు రింగు, పక్కన '4K' అన్న అచ్చు. బ్యాటరీ తీసి పక్కన పెట్టిన ఫొటోలో కూడా కెమెరా నిటారుగా ముందుకే చూస్తోంది. నా అనుమానం అక్కడే మొదలైంది. మినీ 2లో కరెంటు లేకపోతే గింబల్ మోటార్లకు పట్టు ఉండదు, కెమెరా ఓ పక్కకు వాలిపోతుంది. నిటారుగా ఉందంటే అది డ్రోన్ బాడీకే బిగించిన కెమెరా అన్నమాట. వెనక వైపు ఫొటో అడిగితే మెమరీ కార్డు స్లాట్ కనిపించలేదు. అలాంటి వాటిలో వీడియో వైఫై మీద ఫోన్‌లోకే వస్తుంది. అట్టపెట్టె మీద 'HD Camera' అని పెద్దక్షరాలు ఉన్నాయి కానీ తయారీదారు పేరు, సీరియల్ నంబరు స్టిక్కర్ లేవు.

రెండో దానిలో కెమెరా మెడ విరిగినట్టు వాలి ఉంది. పాడైందేమోనని మా బావ వద్దన్నాడు. ఆన్ చేసి వీడియో పంపమని అమ్మే ఆయన్ని అడిగాను. బటన్ నొక్కగానే కెమెరా అటూ ఇటూ తిరిగి, సమంగా నిలబడింది. ఆ క్షణంలోనే కొనాలని నిశ్చయించుకున్నాను. బ్యాటరీ అరలోని సీరియల్ నంబరు, పెట్టె మీద స్టిక్కర్, యాప్‌లో చూపించే నంబరు మూడూ ఒకటే. పాత యజమాని ఖాతా నుంచి దాన్ని విడిపించాకే డబ్బిచ్చాను.

ఒక్క మాట. ఆన్‌లో ఉన్నప్పుడు తీసిన ఫొటోలో అసలుదీ నిటారుగానే ఉంటుంది, పారదర్శక కవచం తొడిగినా అంతే. అందుకే కవచం లేకుండా, బ్యాటరీ బయట పెట్టిన ఫొటోనే అడగాలి. ఇంకెవరి ఫొటోలో తెచ్చి పెట్టకుండా, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టమనాలి. గింబల్ విప్పి మళ్లీ బిగించారా అన్నది మాత్రం ఫొటోలో తెలియదు.

వాడగా వాడగా గింబల్ మీద నా మోజు కాస్త తగ్గింది. గడ్డి మీంచి ఎగరేస్తే పరకలు కెమెరాకు తగిలి మోటారు ఓవర్‌లోడ్ హెచ్చరిక వస్తుంది, అందుకని ఇప్పుడు చెక్క పలక మీంచే లేపుతున్నాను. అప్పుడప్పుడూ వీడియోలో క్షితిజం కొద్దిగా ఒరుగుతుంది, యాప్‌లో కాలిబ్రేషన్ చేస్తే సరి అవుతుంది. మాది కోనసీమ వైపు. పొద్దున్నే గాలి లేనప్పుడు కొబ్బరి తోటల మీద తీసుకుంటాను కాబట్టి నాకు ఇది చాలు. రోజంతా గాలి వీచే సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు 250 గ్రాములు కూడా లేని ఈ డ్రోన్‌ను గట్టిగా సిఫారసు చేయలేను.